సవరణ: సీసీటీవీ డీవీఆర్ టైమ్ చేత్తో మారిస్తే సరిపోదు

“మీరు రాసినట్టే డీవీఆర్‌లో టైమ్ చేత్తో మార్చాను. తెల్లారేసరికి మళ్లీ రెండున్నర గంటలు ముందుకెళ్లింది, ఎందుకండీ?” (బెంగళూరు మారతహళ్లిలోని ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు)

టైమ్ తప్పుంటే చేత్తో దిద్దమన్న పాత పోస్టులోని సూచనను ఇలా మార్చి చదవండి. తేడా కచ్చితంగా రెండున్నర గంటలుంటే గడియారం తప్పు కాదు, టైమ్ జోన్ తప్పు. చాలా డీవీఆర్‌లు GMT+08:00తో వస్తాయి, మనది GMT+05:30. ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ పంపేది ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ మాత్రమే. జోన్ కలుపుకునేది డీవీఆరే. అందుకే చేత్తో దిద్దింది తర్వాతి సింక్‌లో చెరిగిపోతుంది.

ముందు జోన్ మార్చి, టైమ్ సర్వర్‌తో సింక్ చేసే NTP ఆన్ చేసి, సర్వర్‌గా `in.pool.ntp.org`, పోర్ట్ 123 ఇవ్వండి. పేరును బట్టి సర్వర్ చిరునామా వెతికే డీఎన్ఎస్ ఖాళీగా ఉంటే సర్వర్ దొరకదు, సింక్ జరగదు. కరెంటు పోయినప్పుడల్లా తేదీ 2000కో 1970కో వెళ్తుంటే మాత్రం లోపలి బ్యాటరీ అయిపోయినట్టే.

పాత రికార్డింగ్‌లో ముద్రపడిన టైమ్ మాత్రం మారదు. 10వ తేదీ రాత్రి 9:40కి బండి పోతే, ఆ దృశ్యం 11వ తేదీ 00:10 దగ్గర ఉంటుంది. 10వ తేదీలోనే వెతికితే ఎంతకీ దొరకదు! కాబట్టి సెట్టింగ్ ముట్టుకోకముందే డీవీఆర్ స్క్రీన్, ఫోన్ టైమ్ పక్కపక్కనే కనిపించేలా ఫోటో తీసి, కావలసిన ఫుటేజ్ కాపీ చేసుకోండి. గడియారం వెనక్కి జరిగితే ఆ రెండున్నర గంటలు రెండుసార్లు రికార్డవుతాయి, కొన్ని డీవీఆర్‌లలో వెతకడమే కష్టమవుతుంది. పోలీసులకిచ్చేటప్పుడు తేడా ఎంతో రాసివ్వండి.