ఫీజు పక్కన వెలిగే నక్షత్రం గారికి

మహారాజశ్రీ నక్షత్రం గారికి, ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది.

తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. ప్రవేశ పరీక్ష కోచింగ్ కరపత్రంలో, పెద్ద అక్షరాల 'సంవత్సర ఫీజు' అంకెకు కుడిపక్కన, ఆవగింజంత పరిమాణంలో తమరు కొలువై ఉన్నారు. నేను కళ్లజోడు పెట్టుకునే చూశాను. అచ్చుమరక అనుకుని గోటితో గీకాను కూడా. ఆ పేజీ అడుగున, అంతకన్నా చిన్న అక్షరాలతో తమ వంశచరిత్ర ఉందని తరువాత తెలిసింది. పట్టపగలు చుక్కలు కనిపించడమంటే ఏమిటో అప్పటిదాకా వినడమే తప్ప అనుభవం లేదు. ఆ లోటు తమరే తీర్చారు.

డబ్బు లెక్క బయట చెప్పుకుంటే పరువు తక్కువ గనుక, కోచింగ్ ఫీజును నూరు అనుకుందాం. హాస్టలుకూ భోజనానికీ 60 అని కరపత్రం చెప్పింది. మొత్తం 160. మా అమ్మాయి పాత నోటు పుస్తకం వెనక అట్ట మీద నేను ఆ 160ని 12తో భాగించి, నెలకు 13 చొప్పున సరిపెట్టవచ్చని గీత గీసి, కింద సంతకం ఒక్కటే తక్కువగా సంబరపడ్డాను. ఆ అట్ట ఇప్పటికీ దాచుకున్నాను. నా అమాయకత్వానికి అంతకన్నా మంచి ఛాయాచిత్రం మరొకటి లేదు.

చేర్పించిన రోజునే కౌంటరు దగ్గర ఆ గీత చెరిగిపోయింది. ఫీజులో మొదటి వాయిదా 50. దాని మీద పన్ను 9, ఎందుకంటే తమ పాదాల దగ్గర 'పన్నులు అదనం' అని ఉందట. ప్రవేశ రుసుము 4. హాస్టలు డిపాజిట్ 6. హాస్టలు ఖర్చు నెలనెలా కాదు, అయిదు నెలలది ఒకేసారి కట్టాలి కాబట్టి 30. వెరసి ఆ ఒక్క ఉదయం 99. నెలకు 13 అనుకుని వెళ్లిన మనిషి ఏడు నెలల డబ్బు ఒక పూటలో కట్టి, చేతిలో రసీదులతో, జేబులో తిరుగు ప్రయాణం టికెట్టుతో బయటపడ్డాడు. ఫీజులో రెండో నెలలో మరో 30, నాలుగో నెలలో మిగిలిన 20, దేని పన్ను దానికే. అంటే పాఠాలు మూడో వంతు పూర్తయ్యేసరికి ఫీజు మొత్తం పూర్తి. ఇందులోని చమత్కారం నాకు అయిదో నెలలో అర్థమైంది. మా అమ్మాయి గదిలో ఉండే పిల్ల, ఈ చదువు తన వల్ల కాదని ఇంటికి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న ఫీజులో మిగతాది అడగబోతే, 'వెనక్కి ఇవ్వబడదు' అన్న మీ కింది వాక్యం చూపించారు. హాస్టలుది వేరే రసీదు, వేరే యాజమాన్యం, వేరే మొండితనం. పిల్ల పాఠాలు మానేస్తే మంచం మానేసినట్టు కాదట. వాయిదాలు మన సౌకర్యం కోసమని నేను అనుకున్నాను, పిల్లలు నిలకడగా ఉంటారో లేదో తేలకముందే వసూలు ముగించే ఏర్పాటు అని తెలియదు.

సరే, అది వదిలేద్దాం. అసలు నేను తమరిని నిలదీయదలచినది 'సంవత్సరం' గురించి.

నా చిన్నప్పటి నుంచి సంవత్సరానికి పన్నెండు నెలలే. తమరి సంవత్సరానికి పది. తరగతులు పది నెలల్లో అయిపోతాయి, ఆ 60 కూడా పది నెలలకే, నెలకు 6 చొప్పున. పరీక్ష మాత్రం పన్నెండో నెల చివర్లో. ఆ మధ్య రెండు నెలలూ పునశ్చరణ, నమూనా పరీక్షలు. పిల్లలు ఎక్కడా కదలకూడని కాలం అదే. సరిగ్గా అప్పుడే పిల్ల హాస్టలు లెక్కలో విద్యార్థిని నుంచి అతిథిగా మారుతుంది. అతిథికి రోజువారీ రేటు. నెలకు 6 కాస్తా 8 అయింది, రెండు నెలలకు 16. పరీక్ష వాయిదా పడి ఉంటే వారానికి ఇంకో 2 చొప్పున సమర్పించేవాళ్లం. చేర్చేముందు నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: గది ఏ తేదీ దాకా, పరీక్ష ఏ తేదీన? ఆ రెండు తేదీల మధ్య దూరమే తమరి అసలు నివాసమని అప్పుడు నాకు తట్టలేదు. మెస్సు మెనూ అడిగాను, కిటికీకి దోమతెర ఉందా అని అడిగాను.

డిపాజిట్ 6 తిరిగి వస్తుంది కదా అని దాన్ని ఖర్చులో రాయలేదు. రెండు నెలలకు వచ్చింది, 4గా. గోడ మీద గీతలున్నాయని 2 తగ్గించారు. అవి సూత్రాలు గుర్తుండాలని మా అమ్మాయి పెన్సిలుతో రాసుకున్నవి. ఆ గోడకు తరువాత చేరిన పిల్ల వాటిని చదువుకుని ఉంటే ఆ 2 నా తరఫున విరాళం.

ఇక చిల్లర. సబ్బు, బట్టలు ఉతికించడం, ఫోను, మందులు, సాయంత్రం ఆకలి. ఏదీ ఖర్చులా కనిపించదు. "నాన్నా, కొంచెమే పంపించు" అన్న ప్రతి ఫోనునూ నేను ముద్దుగానే విన్నాను. నెలకు ఒకటిన్నర, పన్నెండు నెలలకు 18. తమరి పన్నుతో సరిసమానం! మెటీరియల్ ఉచితమన్నారు, నిజమే, పుస్తకాల కట్ట ఇచ్చారు. ఆ కట్టలో లేని పాత ప్రశ్నపత్రాలు, బయటి నమూనా పరీక్షలు, జిరాక్సులు కలిపి 5. పండగలకు పిల్ల రాకపోకలు, మనసాగక మేము వెళ్లిరావడాలు 6. దరఖాస్తు రుసుములు, పరీక్షా కేంద్రాలకు పిల్లకు తోడు ఒకరు వెళ్లే ప్రయాణాలు మరో 6. ఒక పరీక్ష కోసమే చేర్పించినా, ధైర్యం కోసం మూడింటికి దరఖాస్తు చేస్తారు కదా.

అట్ట మీద 160. బ్యాంకు పుస్తకంలో 235. పిల్ల ఇంట్లో ఉన్నా తినేది కదా అని మా ఆవిడ అంటుంది. న్యాయమే, ఆ మేరకు తగ్గించుకోవచ్చు. తగ్గించినా 160 దరిదాపులకు రావడం లేదు.

పక్కింటివాళ్లు 20 శాతం రాయితీ సంపాదించామని ఊరంతా చెప్పుకున్నారు. నేను పాపం నోరు మెదపలేదు. ఆ రాయితీ ఒక్క ఫీజుకే, హాస్టలుకు కాదు, ప్రయాణాలకు కాదు. పన్ను తగ్గింపుతో సహా వాళ్లకు మిగిలేది 24కు లోపే. 235లో అది పదో వంతు. అదీ వాయిదా గడువు ఒక్కరోజు దాటితే రద్దు అని తమరి పక్కన మరో సన్నటి వాక్యం ఉంది. వాళ్లకు కళ్లజోడు లేదు.

ఇట్లు,
తమరి వెలుగులో దారి తప్పిన
ఒక తండ్రి

తా.క.: మా చిన్నవాడి కోసం కొత్త కరపత్రం వచ్చింది. ఈసారి అంకె పక్కన రెండు నక్షత్రాలున్నాయి. ఫోను చేసి అడిగాను. అవతలి గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది: "రెండోది మొదటి చుక్కకు వర్తించే షరతులండీ."