హాయ్ చెప్పు నాన్నా!

నాలుగేళ్ల పిల్లవాడు ఆడుకుంటున్న గుంపులో చేరాలంటే ఒక్క ‘హాయ్’ చాలునని మన పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించి చాలా కాలమైంది. ఎదుటి ఫ్లాటు వారితో లిఫ్టులో పదో అంతస్తు దాకా నోరు విప్పని మనమే, పార్కులో అడుగుపెట్టగానే పిల్లవాడి వీపు మీద చేయి వేసి, ముక్కూ మొహమూ తెలియని ముగ్గురి మీదికి తోస్తూ, ‘హాయ్ చెప్పు నాన్నా, సిగ్గెందుకు?’ అని ధైర్యం నూరిపోస్తాము.

ఈ తీర్మానం అమలు తీరును పరిశీలిద్దాం. వేపచెట్టు కింద ముగ్గురు ఆడపిల్లలు లక్కపిడతలు పరచుకుని మట్టితో బిర్యానీ వండుతున్నారు. మనవాడు వెళ్లి ‘హాయ్’ అన్నాడు. గరిటె పట్టుకున్న పిల్ల తలెత్తి, మర్యాదగా ‘హాయ్’ అని, మళ్లీ గిన్నెలోకి చూసింది. పలకరింపుకు బదులు పలకరింపు అందింది కనుక లెక్క సరిపోయింది, ఇక ఆమె వైపు నుంచి బాకీ ఏమీ లేదు. అప్పుడు తల్లి వెనుక నుంచి ‘నేనూ రానా అని అడుగు’ అని అందించింది. వాడు అడిగాడు. ‘వద్దు, మేం ముగ్గురమే’ అన్న జవాబు వెంటనే వచ్చింది. అవునో కాదో చెప్పమని అడిగితే, చేతిలో పనున్న ఎవరికైనా కాదనడమే సులువు.

ఇక్కడ పెద్దల చేతిలో మరో అస్త్రం ఉంది. ‘తప్పమ్మా, తమ్ముణ్ణి కూడా ఆడించుకోండి’ అని ఆజ్ఞాపించడం. ఆజ్ఞ శిరసావహిస్తారు. వాడిని గోడ పక్కన కూర్చోబెట్టి, ‘నువ్వు నిద్రపోతున్న పాపవి, లేవకూడదు’ అంటారు. ఆటలో అరటిపండు అనే పదవి ఇలాగే దక్కుతుంది. తల్లి తృప్తిగా బెంచీ మీదికి తిరిగి వెళుతుంది.

పిల్లలు ఇంత కఠినులెందుకయ్యారు? విలియం కోర్సారో అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1970లలో నర్సరీ పిల్లల మధ్య నేల మీద కూర్చుని, పెద్దమనిషి పెత్తనం చేయకుండా, ఈ సంగతే గమనించాడు. అక్కడి పిల్లలు ఆటలో చేరడానికి పలకరింపును వాడింది అరుదుగానే. మొదటి ప్రయత్నాలలో దాదాపు సగం తిరస్కరణకే గురయ్యాయి. దానికి కారణం దుర్మార్గం కాదు. ఎవరు అమ్మ, ఎవరు వంటమనిషి, ఏ ఆకు కొత్తిమీర అన్న ఒప్పందాలు అప్పటికప్పుడు నోటిమాట మీద కుదిరినవి. కొత్తవాడు వచ్చి ‘ఇది మట్టి కదా’ అన్నాడంటే బిర్యానీ మొత్తం పోతుంది. కాబట్టి వారు కాపాడుకుంటున్నది ఆటను.

అందుచేత లోపలికి వెళ్లగలిగే పిల్లలు చేసే పని వేరు. మొదట కొంచెం దూరంలో నిలబడి చూస్తారు. (మనం ఆందోళనతో ‘ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు?’ అని గదమాయించేది సరిగ్గా ఈ ఘట్టంలోనే.) తరువాత పక్కనే కూర్చుని అదే పని తామూ చేస్తారు. ఆ పైన ఆటకు పనికివచ్చేది ఏదో ఒకటి అందిస్తారు. ఈ దారిలో పెద్దలు చేయదగిన సాయం, తోయడం మాని వాడి పక్కన చతికిలబడి, ‘వాళ్లేం వండుతున్నారు?’ అని మెల్లగా అడగడం. బిర్యానీ అంటాడు. ‘అందులో ఏం తక్కువైందో చూడు’ అనాలి. వాడు గుప్పెడు వేపాకు కోసుకెళ్లి ‘పుదీనా తెచ్చాను’ అంటాడు. వంటమనిషి అనుమానంగా చూసి ‘కడిగావా?’ అంటుంది. ‘కడిగాను.’ అంతే, వాడికి ఉద్యోగం దొరికింది. పేరు అడగడం గంట తరువాత సంగతి.

అలాగని ‘హాయ్’ని నిషేధించనక్కరలేదు. ఒంటరిగా ఆడుకుంటున్న పిల్లల దగ్గర, ఆటకూ ఆటకూ మధ్య విరామంలో అది చక్కగా పనిచేస్తుంది. అయితే జారుడుబల్ల వెనుక నుంచి, పదడుగుల దూరాన, ఎవరి వీపుకో చెప్పిన హాయ్ గాలికి చెప్పినట్టే. దగ్గరికి వెళ్లి, మొహం చూసి, పేరు తెలిస్తే పేరు పెట్టి పిలిచి చెప్పాలి; ఆ వెంటనే ఆట గురించి ఒక మాట జోడించాలి. ‘హాయ్ చిన్నీ, నీ లారీలోకి ఇసుక తేనా?’ వంటిది. దీన్ని ఇంట్లో బొమ్మలతో ముందుగా ఆడించవచ్చు. ‘వద్దు’ అనే బొమ్మ కూడా ఒకటి ఉండాలి, ఎందుకంటే ఆ జవాబు విని కాసేపాగి మరో పనితో తిరిగి వెళ్లడమూ నేర్చుకోవలసిందే. మాట పెగలని పిల్లలు చేయి ఊపినా, బంతి చాచి అందించినా అదీ పలకరింపే.

రోజుల తరబడి చూస్తూ నిలబడటమే తప్ప ముందుకు కదలని పిల్లవాడుంటే, పార్కు గుంపుతో కుస్తీ మాని, ఆ గుంపులో ఒకరిని ఇంటికి ఆడుకోవడానికి పిలవడం మేలు. ఒక్కరినే పిలవాలి. ఔదార్యం పొంగి ఇద్దరిని పిలిచామా, వారిద్దరూ ఒకటై, మన సోఫా మీద, మన బొమ్మలతో, మన బిస్కట్లు తింటూ, మనవాడితోనే ‘మేం ఇద్దరమే’ అంటారు.