వాట్సాప్ ఆర్డరు మీద నిజంగా మిగిలేది ఎంత?

హోటల్ వాళ్ల మధ్య తిరుగుతున్న మెసేజి ఇది: "యాప్ వాళ్లు వందకి ముప్పై నొక్కేస్తున్నారు. సొంత వాట్సాప్ నంబరు పెట్టుకుని ఆర్డర్లు తీసుకోండి, ఆ ముప్పై మీ జేబులోనే ఉంటుంది. ప్యాకింగు, రిఫండులు ఎక్కడైనా ఒకటే, లెక్కలో వేసుకోనక్కర్లేదు. హోటల్ వాళ్లందరికీ పంపండి."

విజయనగరంలో రింగ్ రోడ్డు దగ్గర మాదొక చిన్న బిరియానీ హోటలు. ఫుడ్ డెలివరీ యాప్‌లోనూ ఉన్నాం, సొంత నంబరు మీదా పంపుతున్నాం. రెండిటి పుస్తకాలూ నేనే రాస్తాను కాబట్టి ఒకే ఆర్డరుని రెండు దారుల్లోనూ పెట్టి చూపిస్తాను. ఆర్డరు ఇది: ఒక చికెన్ దమ్ బిరియానీ, ఒక రొయ్యల వేపుడు.

ముందు ఆ ముప్పై సంగతి. మా ఒప్పందంలో ఉన్నది 22 శాతం. మీది ఎక్కువో తక్కువో ఉండొచ్చు, ఊరుని బట్టి, హోటలుని బట్టి మారుతుంది. కానీ ఒప్పందంలో ఉన్న అంకె ఒకటి, చేతి నుంచి పోయేది ఇంకొకటి. యాప్‌లో ఈ రెండు ఐటమ్‌లూ కలిపి 400, ప్యాకింగు ఛార్జి 20. డిస్కౌంటులో మా వంతు 40 పోగా 380 మిగులుతుంది. దాని మీద కమీషన్ 22 శాతం అంటే 83.60. పేమెంటు ఛార్జి అని ఇంకో 2 శాతం, 7.60. ఈ రెండిటి మొత్తం మీద 18 శాతం జీఎస్టీ, 16.42. అన్నీ కలిపితే 107.62, అంటే 380లో 28 శాతం పైనే.

ఆ 18 శాతం జీఎస్టీని చాలామంది పట్టించుకోరు. మనలాంటి హోటళ్లు కస్టమరు దగ్గర 5 శాతమే వేస్తాయి, దానికి బదులుగా ఇన్‌పుట్ క్రెడిట్ వదులుకుంటాయి. అంటే కమీషన్ మీద కట్టిన జీఎస్టీ తిరిగి రాదు, నికరంగా ఖర్చే. సెటిల్‌మెంటు షీటులో కనపడే టీడీఎస్ మాత్రం ఖర్చు కాదు. 2024 అక్టోబరు 1 నుంచి అది 0.1 శాతమే, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. దాన్ని కూడా యాప్ కోతలో కలిపేసి గోల పెట్టేవాళ్లని చూశాను.

ఇప్పుడు 272 చేతికి వచ్చింది. ఇందులోంచి ప్యాకింగుకి 25, రిఫండులకి సగటున 4, యాప్‌లో మన పేరు పైన కనపడడానికి పెట్టే ప్రకటనకి 6 పోతాయి (నెలకి 3,000, ఆర్డర్లు 500). మిగిలేది 237. వంట ఖర్చు రెండు దారుల్లోనూ ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను.

ఇదే ఆర్డరు మా నంబరుకి వస్తే 400 రాదు. యాప్‌లో రేటు పెంచి పెట్టాం, బోర్డు మీద ఈ రెండూ కలిపి 360. ఫోన్ చేసే వాళ్లు మన దగ్గర ఎప్పటినుంచో తింటున్నవాళ్లు. "బోర్డు మీద 360 కదా బాబూ" అంటారు, అదీ నిజమే. డెలివరీకి 20 ఇస్తారు, ప్యాకింగుకి విడిగా అడిగితే ముఖం మారుతుంది. కాబట్టి వచ్చేది 380. యూపీఐకి ఛార్జి లేదు, అది నికరమైన లాభం.

ఖర్చులో ముందు డెలివరీ కుర్రాడు. జీతం, ఫోన్ రీఛార్జి, బండి రిపేర్లు కలిపి నెలకి 15,000. పెట్రోలు ఆర్డరుకి సుమారు 10. ఆ మెసేజిలో లేనిదీ, లెక్కని తలకిందులు చేసేదీ ఇదే. కమీషన్ ఆర్డరు వస్తేనే పోతుంది. కుర్రాడి జీతం ఆర్డరు వచ్చినా రాకపోయినా పోతుంది. రోజుకి పది ఆర్డర్లుంటే ఒక్కోదాని మీద పడేది 50, ఐదే అయితే 100, నాలుగైతే 125.

పది ఆర్డర్ల రోజు చూద్దాం. 380లో కుర్రాడికి 50, పెట్రోలుకి 10, ప్యాకింగుకి 14, తిరిగొచ్చిన ఆర్డర్లకి 4 పోతే 302 మిగులుతుంది. యాప్ కంటే 65 ఎక్కువ. మంచిదే, కానీ తప్పిన 107 మొత్తం జేబులోకి రాలేదు. రోజుకి ఐదైతే మిగిలేది 252, తేడా 15. నాలుగైతే 227. అక్కడ యాపే పది రూపాయలు మేలు.

ఈ ఐదు ఆర్డర్ల దగ్గరే ఇంకో గొయ్యి ఉంది. యాప్ ఆర్డర్ల మీద తిండికి వేసే 5 శాతం జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి యాపే ప్రభుత్వానికి కడుతోంది. సొంత ఆర్డరు మీద కట్టాల్సింది మనం. నేను దాన్ని బిల్లులో విడిగా వేస్తాను. కానీ రిజిస్ట్రేషన్ ఉండి, "360లోనే అన్నీ కలిపి" అని అమ్మేవాళ్లకి 380లోంచి 18 పోతుంది. ఐదు ఆర్డర్ల మీద వచ్చిన 15 పోయి మూడు రూపాయలు ఎదురు పడుతుంది.

ఇక "ప్యాకింగు ఎక్కడైనా ఒకటే" అన్న మాట. ఇది వంటగదిలో నిలబడని మనిషి రాసిన మాట. యాప్ ఆర్డరుకి నేను పెట్టే 25 ఇలా పోతుంది: బిరియానీ డబ్బా 9, వేపుడుకి చిన్న డబ్బా 5, షేర్వాకీ పెరుగు చట్నీకీ కప్పులు 3, పేపరు సంచి 6, టేపూ సీలు స్టిక్కరూ 2. అవతలి కుర్రాడు ఆ సంచిని నిలబెట్టి తీసుకెళ్తాడో పడుకోబెట్టి తీసుకెళ్తాడో మనకి తెలియదు, దార్లో ఇంకో హోటలు దగ్గర ఆగుతాడేమో కూడా తెలియదు. అందుకే ప్రతిదీ గట్టిగా ఉండాలి. మా కుర్రాడి దగ్గర నిలువుగా సర్దే పెద్ద పెట్టె ఉంది. రెండు కిలోమీటర్ల లోపు అయితే బిరియానీ అల్యూమినియం పొర ఉన్న కవరులో వెళ్తుంది, అది 4. పేపరు సంచి అక్కర్లేదు, చేతికే ఇస్తాడు. అలా 14లో సరిపోతుంది. దూరం పెరిగితే మాత్రం కవరులో అన్నం ముద్దవుతుంది, కంటోన్మెంటు దాటి పంపిన రెండుసార్లూ ఫోన్లు వచ్చాయి. దూరానికి డబ్బానే వాడుతున్నాను.

ఇంకొకటి. యాప్‌లో ప్యాకింగు ఛార్జి అని కస్టమరు ఇచ్చే 20 మీద కూడా మాకు కమీషన్ పడుతుంది, దాని మీద జీఎస్టీ కూడా. 20లో 5.66 పోయి చేతికి వచ్చేది 14.34. ఖర్చు 25. అంటే ప్యాకింగు డబ్బులు విడిగా తీసుకుంటున్నాం కదా అని ధీమాగా ఉన్న హోటలు కూడా ప్రతి ఆర్డరుకీ పది రూపాయల పైన ప్యాకింగు మీదే పోగొట్టుకుంటోంది. మీ షీటులో కమీషన్ దేని మీద లెక్క కట్టారో ఒకసారి చూడండి. ఐటమ్‌ల మొత్తం మీదైతే సరే, ప్యాకింగు కలిపిన మొత్తం మీదైతే మాలాగే.

రిఫండుల దగ్గర మెసేజి రాసినవాళ్లకి ఒక అంకె కలిసొచ్చింది. పోయిన నెల యాప్‌లో 500 ఆర్డర్లకి 12 రిఫండులు, 2,160 కోత. ఆర్డరుకి నాలుగు రూపాయల పైన. సొంత నంబరు మీద 300 ఆర్డర్లకి ఐదు మళ్లీ పంపాం, మూడు వెనక్కొచ్చాయి. ఒక్కోటి సుమారు 150 అనుకుంటే 1,200, ఇదీ నాలుగే. అంకె ఒకటే గానీ కారణాలు వేరు, మందులూ వేరు.

యాప్‌లో పన్నెండింటిలో ఏడు కారిపోయినవి. మొదట్లో కుర్రాడు సంచి పడేశాడనుకున్నాను. ఒక రాత్రి కౌంటరు మీద కట్టి పెట్టిన ప్యాకెట్టే చూశాను. పొయ్యి మీది షేర్వా అంచు దాకా పోసి వెంటనే మూత నొక్కారు. రెండు నిమిషాలు గడవకముందే మూత మధ్యలో ఉబ్బింది, ఒక మూల పైకి లేచింది, నూనె గీతలా కిందకి దిగింది. ఇంకా బండి ఎక్కనేలేదు. లోపల ఆవిరి మూతని తోసేస్తోంది. అప్పటినుంచి కప్పులో వేలు మందం ఖాళీ వదులుతున్నాం, రెండు నిమిషాలు తెరిచి ఉంచి, పల్చటి ప్లాస్టిక్ పొర వేసి, దాని మీద మూత నొక్కుతున్నాం. సీలు వేశాక ఫోటో తీసి పెడుతున్నాం, ఎందుకంటే రిఫండు మీద అభ్యంతరం చెప్పడానికి గడువు తక్కువ, ఫోటో లేకపోతే మన మాట చెల్లదు. ఇంకో సంగతి, యాప్‌లో కోత అమ్మిన రేటు మీద పడుతుంది. వేపుడు కారితే పోయేది మనం పెట్టిన ఖర్చు కాదు, 160.

సొంత నంబరులో డబ్బు వెనక్కివ్వడం అరుదు, మళ్లీ వండి పంపుతాం. పోయేది వంట ఖర్చూ ఇంకో ట్రిప్పూ. అక్కడ అసలు బాధ తలుపు తీయని ఇళ్లు. దాసన్నపేట నుంచి మా కుర్రాడు ఫోన్ చేస్తాడు: "అన్నా, ఇంటోలు తలుపు తియ్యనేదు, ఫోనూ ఎత్తనేదు." పావుగంట నిలబడతాడు, ఆ పావుగంటలో ఇంకో ఆర్డరు చల్లారిపోతుంది. వెనక్కొచ్చిన బిరియానీని ఎవరికీ అమ్మలేం, అమ్మకూడదు. కొత్త నంబరు నుంచి ఆర్డరు వస్తే ముందు యూపీఐ చేశాకే పొయ్యి దగ్గరకి చీటీ పంపుతున్నాం. పాత వాళ్లకి నగదు ఉంచాం. ఆ పద్ధతి పెట్టిన ఈ మూడు వారాల్లో ఒక్కటే వెనక్కొచ్చింది.

ఒక కుర్రాడితో ఎన్ని పంపగలం అన్నదానికీ హద్దు ఉంది. మా ఊళ్లో ఒక బండి మీద గంటకి మూడు ఇళ్లు, బాగా దగ్గరైతే నాలుగు. పది ఆర్డర్లలో ఏడు రాత్రి ఎనిమిదికీ తొమ్మిదిన్నరకీ మధ్యే వస్తాయి. ఆ గంటన్నరలో రెండు కిలోమీటర్లు దాటిన ప్రతి ఆర్డరూ వెనకాల ఇద్దరిని ఆలస్యం చేస్తుంది. అందుకే దూరం వాళ్లకి నేనే యాప్‌లో పెట్టుకోమని చెబుతాను. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగే మంగళవారం అయితే కోట దగ్గర నుంచి గుడి దాకా బండి కదలదు, ఆ రోజు సొంత డెలివరీ ఆపేసి కౌంటరు దగ్గరే ఇస్తాం.

సొంత నంబరు మొదలుపెడదామనుకునే వాళ్లు మీ అంకెలతో ఈ ఒక్క భాగహారం చేసి చూడండి. కుర్రాడి జీతం తీసేస్తే సొంత ఆర్డరు మీద మాకు 352 మిగులుతుంది, యాప్ మీద 237, తేడా 115. జీతం 15,000ని 115తో భాగిస్తే నెలకి 130, అంటే రోజుకి నాలుగు పైన. అది దాటే దాకా పూర్తి జీతం కుర్రాడు నష్టమే. రాత్రి ఏడు నుంచి పదిన్నర దాకా మాత్రమే వచ్చే కాలేజీ కుర్రాడిని 7,000కి పెట్టుకుంటే నెలకి 61 చాలు, రాత్రికి రెండు. మేము మొదలుపెట్టింది అలాగే, మధ్యాహ్నం ఆర్డర్లు యాప్‌కే వదిలేసి.