సర్ గారి ప్రశంసా పత్రం, మనవాడి కాగితం

జనవరి 26న జిల్లా పరేడ్ గ్రౌండ్‌లో జెండా ఎగిరాక, ఉద్యోగులకు ప్రశంసా పత్రాలు పంచుతారు కదా. ఈసారి ఒకే మండల ఆఫీసు నుంచి తహసీల్దారు గారికీ, అక్కడే జూనియర్ అసిస్టెంటుగా చేసే మనవాడికీ వచ్చాయనుకుందాం. కాగితం ఒకటే, కింద కలెక్టర్ సంతకం ఒకటే, "అంకితభావంతో విధులు నిర్వర్తించినందుకు" అనే అచ్చు వాక్యమూ ఒకటే. ఇంత సమానత్వాన్ని మన ఉద్యోగ వ్యవస్థ తట్టుకోలేదు కాబట్టి, ఆ తేడా ఏదో మనమే అభినందనల్లో చూపించాలి.

ముందు సర్ సంగతి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరు పడితే వాళ్లు మొదలుపెట్టకూడదు. డిప్యూటీ తహసీల్దారు, అంటే డీటీ గారు తొలి మెసేజ్ వేయాలి, తర్వాత ఆర్‌ఐ, ఆపైన సీనియర్ అసిస్టెంట్లు, చివర్లో వీఆర్వోల వరద. డీటీ గారు ఇంకా నిద్ర లేవకపోతే మిగతావాళ్లు టైపు చేసి పెట్టుకుని ఎదురుచూస్తారు తప్ప పంపరు. "గౌరవనీయులైన తహసీల్దారు గారు సర్ గారికి హృదయపూర్వక శుభాభినందనలు. తమరి వంటి అధికారికి ఈ పురస్కారం రావడం ఆ పురస్కారానికే గౌరవం. తమరి నాయకత్వంలో పనిచేయడం మా అదృష్టం." రెండుసార్లు గారు, మధ్యలో ఒక సర్. ఏదైనా ఒకటి జారిపోతే మిగిలినవి కాపాడతాయి. అన్నిటికంటే ముఖ్యం, సర్ అవార్డు "తెచ్చుకున్నారు" అని ఎక్కడా ఉండకూడదు. అవార్డే వెతుక్కుంటూ వచ్చింది, ఆయన కాదనలేక స్వీకరించారు, అంతే.

దీనికి సర్ "థాంక్యూ ఆల్, ఇది టీమ్ విజయం" అని పెడతారు. అమాయకులు అక్కడితో అయిపోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే టీమ్ విజయమన్న మాటను టీమ్ ఖండించాలి. "అంతా మీ గైడెన్సే సర్" అని రెండో విడత నడుస్తుంది. ఆ టీమ్‌లో నిజంగా రాత్రిళ్లు కూర్చుని అర్జీలు ఆన్‌లైన్‌లో ఎక్కించిన మనవాడు కూడా అదే రాస్తాడు, రాయకపోతే కుదరదు.

ఇక మనవాడి అభినందన. "ఏరా, కొట్టేశావ్‌గా! ఎవర్ని పట్టావ్ రా?" ఇందులో రెండు వాక్యాలున్నాయి, రెండూ నేరారోపణలే. వాడు దానికి నొచ్చుకోడు సరికదా, "నీలాంటోడి దిష్టి తగలకుండా ఇన్నాళ్లు దాచుకున్నా" అంటాడు. ఇదే మాట సర్‌తో అంటే మర్నాటికి చార్జ్ మెమో. అదే మనవాడికి "హృదయపూర్వక శుభాభినందనలు" అని పంపి చూడండి, పది నిమిషాల్లో ఫోన్ చేసి "ఏంట్రా, నామీద కోపమా?" అని అడుగుతాడు. మర్యాద ఎక్కువైతే దూరం పెట్టామని అర్థమవుతుంది మన దగ్గర.

డబ్బు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. సర్‌కి మనమే తలా వంద వేసుకుని శాలువా, బొకే పట్టుకుని చాంబర్‌లోకి వెళ్తాం. చెయ్యి ముందుగా మనం చాపకూడదు, ఆయన చాపితే రెండు చేతులతో అందుకోవాలి, ఫొటోలో ఆయన మధ్యలో పడాలి. జీతం తక్కువున్న మనవాడి దగ్గర మాత్రం మొదటి ప్రశ్నే "పార్టీ ఎప్పుడు?". ఆ కాగితంతో పైసా రాదని అందరికీ తెలుసు, బిర్యానీ బిల్లు మాత్రం వాడి జేబుకే పడుతుంది. ఘనత ఒక్కటే అయినా ఆదాయం ఒకరికి, ఖర్చు ఇంకొకరికి (శాలువాలో మనవాడి వంద కూడా ఉంది, మర్చిపోకండి).

ఈ రెండు భాషలూ వేర్వేరు గదుల్లో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. చిక్కంతా మనవాడు డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసై, ప్రమోషన్ల మెట్లెక్కి, ఏ డీటీగానో మన సెక్షన్ మీదికే వచ్చినప్పుడు. నువ్వు అంటే నలుగురూ చూస్తారు, మీరు అంటే నోరు తిరగదు. అప్పుడు తెలుగు వ్యాకరణమే మనల్ని ఆదుకుంటుంది, కర్తను మింగేయొచ్చు. "భోజనం అయిందా?", "ఫైలు చూడటం జరిగిందా?", "రేపు క్యాంపు ఉందా?" అంటూ ఎవరు తిన్నారో, ఎవరు చూశారో తేల్చకుండా ఏడాది నెట్టుకొచ్చినవాళ్లున్నారు.

అలాంటివాడికి మళ్లీ ప్రశంసా పత్రం వస్తే రెండు మెసేజ్‌లు పెట్టక తప్పదు. గ్రూపులో "డీటీ గారు సర్ గారికి శుభాభినందనలు", విడిగా వాడి నంబరుకు "ఒరేయ్, బిర్యానీ ఎప్పుడ్రా?". మొన్న ఒకాయన సరిగ్గా ఇలాగే చేశాడు. విడిగా పంపినదానికి సాయంత్రం జవాబొచ్చింది: "థాంక్యూ ఆల్".