ముప్పై సార్లు కాదు, ముప్పై రోజులు

కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ల మధ్య వినిపించే మాట ఇది: "మంత్లీ లెన్స్ అంటే ముప్పై సార్లు వాడుకోవచ్చు. వారానికి రెండు రోజులే పెట్టుకునేవాళ్లకి ఒక్క జత మూడు నెలలు వస్తుంది. సొల్యూషన్‌లో ఉన్నంతకాలం శుభ్రమే. ఒక్కరోజు వాడి పారేసే డైలీలు కొనడం డబ్బు దండగ."

ముందు రోజుల సంగతి. ప్యాక్ మీది రేకు చించిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఎనిమిది సార్లే పెట్టుకున్నా నెల తిరిగేసరికి ఆ జత పారేయాల్సిందే. కన్నీళ్లలోని ప్రోటీన్, కొవ్వు లెన్స్‌కి పట్టుకుంటాయి. డబ్బాలో ఊరికే ఉన్నంత మాత్రాన అవి పోవు.

ఇక శుభ్రత. చెన్నై వేళచ్చేరిలో ఉండే మా పిన్ని కూతురు శని, ఆదివారాలు కూచిపూడి క్లాసుకి మాత్రమే లెన్స్ పెట్టుకుంటుంది. మిగతా ఐదు రోజులూ అవి డబ్బాలోనే. ఓసారి మూత తిప్పి లోపల వేలు పెడితే సన్నటి జిగురు తగిలింది. అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొర. పాత సొల్యూషన్ పారబోయకుండా పైన కొత్తది కలిపేది, డబ్బాని కుళాయి కింద కడిగేది. వాళ్ల అపార్ట్‌మెంట్ సంపులో మెట్రో నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు అన్నీ కలుస్తాయి. చూడ్డానికి తేటగా ఉన్న కుళాయి నీళ్లలో కూడా అకాంతమీబా అనే జీవి ఉండొచ్చు. అది కార్నియాకి పట్టుకుంటే చికిత్స నెలల తరబడి సాగుతుంది, చూపు కూడా దెబ్బతినొచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే లెన్స్ తీసేసి ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లెన్స్‌నీ డబ్బానీ కూడా తీసుకెళ్లండి, అవసరమైతే వాటినీ పరీక్షిస్తారు.

మంత్లీలు సరిగ్గా వాడాలంటే తీసిన ప్రతిసారీ అరచేతిలో సొల్యూషన్‌తో రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడిగి, తాజా సొల్యూషన్‌లో ఉంచాలి. డబ్బాని ఖాళీ చేసి బోర్లించి ఆరబెట్టాలి, మూడు నెలలు దాటకుండా మార్చాలి.

ఖర్చు మా చెల్లెలి లెక్కలోనే చూద్దాం. తను కొనే ధరల్లో మంత్లీ జత 600, నెలకి సొల్యూషన్ సుమారు 200, మొత్తం 800 రూపాయలు. డైలీ ఒక్కోటి 45, అంటే రోజుకి 90. నెలకి ఎనిమిది రోజులకి 720. తనకి డైలీయే చవక. తొమ్మిదో రోజు నుంచి లెక్క తిరగబడుతుంది. ముప్పై రోజులూ పెట్టుకుంటే డైలీలకి 2,700 అవుతుంది, కాబట్టి రోజూ ఆఫీసుకి పెట్టుకుని వెళ్లేవాళ్లకి మంత్లీలే నయం. సిలిండర్ పవర్ ఎక్కువున్నవాళ్లకి డైలీలు దొరకడమే కష్టం.

అయితే డైలీని మధ్యాహ్నం కునుకు కోసం తీస్తే అది చెత్తబుట్టలోకే. సాయంత్రానికి కొత్త జత తెరవాలి, ఆ రోజు ఖర్చు 180. అందుకే మా చెల్లెలు ఇప్పుడు క్లాసు మొదలవడానికి పది నిమిషాల ముందు మాత్రమే రేకు చించుతోంది.