ఎక్కువసేపు ఉన్నవాళ్లకే గంటలు తగ్గాయి

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పొద్దున్నే నైట్ డ్యూటీ దిగిన నర్సు ఒకామె యూనిఫాం కూడా మార్చుకోకుండా అకౌంట్స్ గదికి వచ్చింది. జీతంలో ఒక రోజు లాస్ ఆఫ్ పే పడింది. పద్దెనిమిది వేల జీతంలో ఆరు వందలు కోత. కారణం దగ్గర ‘షార్టేజ్’ అని ఉంది.

“మేడమ్, నేను ఒక్కరోజు కూడా ముందు దిగలేదు. పన్నెండో తారీకు పేషెంటు సీరియస్ అయితే పొద్దున తొమ్మిది దాటిందాకా ఉన్నాను. ఆ రోజే షార్టేజ్ అంటే ఎట్లా?”

“కూర్చోండి సిస్టర్, చూస్తాను” అంది అకౌంటెంట్. ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. అంతకుముందు మా ఆడిట్ ఆఫీసులోనే సీఏ ఆర్టికల్స్ శిక్షణ చేసింది. ఆ తర్వాత జరిగిందంతా ఆమె నాకు ఫోన్లో చెప్పింది. చెబుతుంటే వినడం నాకు అంత సుఖంగా లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ప్రైవేటు ఆసుపత్రుల డ్యూటీలు తెలిసినవే. పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది. అంటే ఆరు గంటలు, ఆరు గంటలు, పన్నెండు గంటలు. ఇక్కడ వేలిముద్ర యంత్రంలో నమోదైన రాకపోకల సమయాలను నెలాఖరున ఎక్సెల్ షీటులోకి దించి గంటలు లెక్కేస్తారు. డ్యూటీ గంటలకన్నా ఆరు తక్కువైతే ఒక రోజు కోత, ఆరు ఎక్కువైతే బదులుగా ఒక రోజు సెలవు, అదే కాంప్ ఆఫ్. రూలు రెండు వైపులా సమానంగానే ఉంది.

పన్నెండో తారీకు వరసలో వచ్చిన సమయం 19:52. వెళ్లిన సమయం 09:10. పక్కన షీటు వేసిన గంటలు 10:42.

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట అనుమానం వచ్చేది ఫార్మాట్ మీద. ఎక్సెల్లో గంటలు కూడిన గడికి `h:mm` అని ఫార్మాట్ ఇస్తే ఇరవై నాలుగు దాటినప్పుడల్లా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 164:40 రావలసిన చోట 20:40 కనిపిస్తుంది. దానికి `[h]:mm` అని చదరపు బ్రాకెట్లు పెట్టాలి. అమ్మాయి అదే చూసింది. బ్రాకెట్లు ఉన్నాయి, కూడికలో తప్పు లేదు. అప్పుడు కాగితం తీసుకుని చేత్తో లెక్కేసింది. ఎనిమిదికి ఎనిమిది నిమిషాల ముందు నుంచి మర్నాడు తొమ్మిదీ పది దాకా, పదమూడు గంటల పద్దెనిమిది నిమిషాలు. షీటులో పది గంటల నలభై రెండు. రెండూ కలిపి చూస్తే సరిగ్గా ఇరవై నాలుగు. కింది వరస చూసింది, అక్కడా ఇరవై నాలుగే. ఆపై వరసలోనూ అంతే. అప్పుడు గడి మీద క్లిక్ చేసి లోపలి సూత్రం చూసింది.

```
=ABS(C2-B2)
```

దీని పుట్టుక ఊహించడం కష్టం కాదు. ఎక్సెల్ దృష్టిలో ఒక రోజంటే ఒకటి, గంటంటే అందులో ఇరవై నాలుగో వంతు. పొద్దున డ్యూటీలో అయితే వెళ్లిన సమయం C2లోంచి వచ్చిన సమయం B2 తీసేస్తే చాలు. రాత్రి డ్యూటీలో వెళ్లిన సమయం చిన్నది, వచ్చిన సమయం పెద్దది. తీసేస్తే ఋణసంఖ్య వస్తుంది. ఋణ సమయాన్ని ఎక్సెల్ మామూలుగా చూపించదు, గడి నిండా `#####` నింపేస్తుంది. ఆ షీటు కట్టినవారెవరో అది చూసి, మైనస్ పోతే చాలనుకుని `ABS` తగిలించి ఉంటారు. మైనస్ పోయింది, గడి శుభ్రపడింది. కానీ మైనస్ గుర్తు తీసేయడం వేరు, రాత్రి దాటి తెల్లవారిందని లెక్కలోకి తీసుకోవడం వేరు. 19:52కీ 09:10కీ ఒకే రోజులో ఉన్న దూరాన్ని షీటు కొలుస్తోంది. ఆ మనిషి పని చేసింది గడియారంలో అటువైపు మిగిలిన భాగం.

అంత తప్పు లెక్క నాలుగేళ్లు ఎలా బతికింది? ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అదే. ఫ్యాక్టరీల్లోలాగా రాత్రి పది నుంచి ఆరు దాకా షిఫ్టు అయి ఉంటే మొదటి నెలలోనే దొరికిపోయేది. ఎనిమిది గంటల పనికి పదహారు గంటలు చూపిస్తే ఎవరి కళ్లైనా పడతాయి. ఈ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఎనిమిది నుంచి ఎనిమిది. ఇరవైలోంచి ఎనిమిది తీసినా పన్నెండే, ఇరవై నాలుగులోంచి ఆ పన్నెండు తీసినా పన్నెండే. డ్యూటీ చార్టులో ఉన్న సమయాలతో పరీక్షిస్తే తప్పు సూత్రం కూడా సరైన జవాబే ఇస్తుంది. షీటు కట్టినవారు 20:00, 08:00 కొట్టి చూసుకుని, పన్నెండు వచ్చిందని నమ్మి ఉంటారు.

తేడా పన్నెండుకు అటూ ఇటూ జరిగినప్పుడే బయటపడుతుంది, అదీ అద్దంలో బొమ్మలా తిరగబడి. నలభై నిమిషాలు ఎక్కువ ఉంటే షీటు నలభై నిమిషాలు తక్కువ రాస్తుంది. గంట ముందు వెళ్లిపోతే గంట ఎక్కువ రాస్తుంది. ఆలస్యంగా వచ్చినా అంతే. 20:40కి వచ్చి ఎనిమిదింటికి దిగినవారికి నిజానికి పదకొండు గంటల ఇరవై నిమిషాలైతే, షీటులో పన్నెండు గంటల నలభై నిమిషాలు.

ఆ సిస్టర్ నెల మొత్తం చూద్దాం. పదమూడు నైట్లు, అంటే డ్యూటీ ప్రకారం 156 గంటలు. పొద్దున హ్యాండోవర్ ఇచ్చి, వచ్చేవాళ్లు ఆలస్యమైతే ఎదురుచూసి, సగటున నలభై నిమిషాలు అదనంగా ఉంది. ఆమె పని చేసింది 164 గంటల 40 నిమిషాలు. షీటు చూపించింది 147 గంటల 20 నిమిషాలు. ఎనిమిది గంటల నలభై నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు ఒక కాంప్ ఆఫ్ రావలసిన మనిషికి, అంతే తక్కువ ఉన్నావని ఒక రోజు జీతం కోశారు. అదే నెలలో రోజూ ఆలస్యంగా వచ్చిన ఇంకొకరికి కాంప్ ఆఫ్ వచ్చింది. ఆమె కూడా ఏ మోసమూ చేయలేదు. ఇచ్చారు, తీసుకుంది.

ఇక నా సంగతి. ఆ ఆసుపత్రి జీతాల లెక్కలు రెండేళ్లు ఆడిట్ చేసి సంతకం పెట్టినవాణ్ణి నేను. నా పరీక్ష ఏమిటంటే, వార్డు మొత్తం నైట్ గంటలను నైట్ల సంఖ్యతో భాగించడం. పదకొండున్నరకూ పన్నెండుకూ మధ్య వచ్చేది. ఆలస్యంగా వచ్చేవాళ్ల లాభమూ, ఆలస్యంగా వెళ్లేవాళ్ల నష్టమూ ఆ సగటులో ఒకదాన్నొకటి మింగేసేవి. పన్నెండు కన్నా కాస్త తక్కువ వచ్చినా నాకు తేడాగా అనిపించలేదు. నైట్ స్టాఫ్ తెల్లవారుజామున కాస్త ముందే జారుకుంటారు కదా అనుకున్నాను. ఆ అంకె నా దురభిప్రాయానికి సరిపోయింది, అందుకే ప్రశ్నించలేదు. ఒక్క వరసను చేత్తో లెక్కేసి ఉంటే ఐదు నిమిషాల పని.

దిద్దుబాటు చిన్నదే.

```
=MOD(C2-B2,1)
```

తేడా ఋణసంఖ్య అయితే దీనివల్ల ఒక రోజు కలుస్తుంది, ధనసంఖ్య అయితే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అయితే దీనికీ హద్దులున్నాయి. రిలీవర్ రాక నైట్ దిగిన మనిషే పగలు కూడా చేసి, రాత్రి ఎనిమిదింటికి వెళితే ఇరవై నాలుగు గంటల పనికి ఇది సున్నా చూపిస్తుంది. వెళ్లేటప్పుడు వేలిముద్ర వేయడం మరిచిపోతే ఆ ఖాళీ గడిని ఎక్సెల్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. 19:52కి వచ్చిన మనిషికి నాలుగు గంటల ఎనిమిది నిమిషాలు పడుతుంది, చూడ్డానికి నిజం అంకెలాగే ఉంటుంది. అందుకే అమ్మాయి సమయంతో పాటు తేదీని కూడా యంత్రం నుంచి తెచ్చుకుంది. రెండు గళ్లలోనూ తేదీ ఉంటే `MOD` అవసరం లేదు, మామూలు తీసివేత చాలు. ఖాళీ గళ్లను విడిగా ఎరుపు చేసి వార్డు ఇన్‌ఛార్జికి పంపుతోంది. పరీక్షకు ఇప్పుడు 20:00–08:00 వాడదు. 22:00–06:00 కొట్టి ఎనిమిది, 20:00–00:00 కొట్టి నాలుగు వస్తున్నాయో లేదో చూస్తుంది. పాత సూత్రం ఈ రెండింటికీ పదహారు, ఇరవై ఇచ్చేది.

అర్ధరాత్రి దాటిన గంటలు ఏ రోజు ఖాతాలో పడాలన్నది కొత్త చిక్కేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లోనే ఉండేది, ఆ గంటలను ముందు రోజులోనే లెక్కించాలని. ఆసుపత్రికి ఆ చట్టం వర్తించి ఉండకపోవచ్చు గానీ, అందులో ఉన్న ఇంగితం ఈ షీటుకు లేకపోయింది.

అసలు పేచీ సూత్రం మార్చాక మొదలైంది. యాజమాన్యం మొదటి మాట, “వచ్చే నెల నుంచి సరిచేద్దాం, పాతది తవ్వొద్దు. మొత్తం మీద చూస్తే కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, చెల్లుకు చెల్లు.” నాకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. చెల్లుకు చెల్లు అయ్యింది ఆసుపత్రికి. ఆలస్యంగా వచ్చినామెకు దక్కిన కాంప్ ఆఫ్, తొమ్మిదింటి దాకా ఉన్నామె బకాయిని ఎలా తీరుస్తుంది? పైగా 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం బకాయికి మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జీతం సరిగ్గా ఇచ్చామని రుజువు చేసుకోవలసింది యజమాని. ఎక్కువ ఇచ్చినదాన్ని జీతంలో సర్దుబాటు చేసుకునే వీలు కూడా అదే కోడ్‌లో ఉంది, కానీ వాడిన సెలవులను ఇప్పుడు తిరిగి లాక్కోవడం నా దృష్టిలో అన్యాయం. షీటు తప్పు యాజమాన్యానిది, ఆ ఖర్చూ వాళ్లదే కావాలి.

నాలుగేళ్ల వేలిముద్రల లాగ్ యంత్రంలో భద్రంగా ఉంది. కాబట్టి తిరిగి లెక్కేయడం ఒక్కరోజు పని. అమ్మాయి ఒక ఆదివారం కూర్చుని చేసేసింది, ఎవరూ అడగకుండానే. ఒక్కొక్కరికి ఒక్కో వరస, పోయిన రోజులు ఎన్ని, రావలసిన సెలవులు ఎన్ని అని. ఆ సిస్టర్‌కు మొత్తం తొమ్మిది రోజుల కోత తేలింది. ప్రస్తుతం పనిచేస్తున్నవాళ్లకు రెండు విడతల్లో ఇస్తామని యాజమాన్యం ఒప్పుకుంది. నర్సులు ఒకేచోట ఎక్కువకాలం ఉండరు. గల్ఫ్‌కో, హైదరాబాద్‌కో, పెళ్లయి వేరే ఊరికో వెళ్లిపోయినవాళ్ల వరసలకు ఆమె పసుపు రంగు పూసింది. వాళ్ల ఫోన్ నంబర్లు హెచ్‌ఆర్ దగ్గర ఉన్నాయి. ఇది రాసేనాటికి ఎవరికీ ఫోన్ వెళ్లలేదు.