'పర్యావరణం' అంటే ఏ పర్యావరణం?

'పర్యావరణంపై వెయ్యి పదాల్లో వ్యాసం రాయండి' అంటే తరగతిలో సగం మంది ఒకే వ్యాసం రాసుకొస్తారు. మొదట నిర్వచనం, తర్వాత గాలి, నీరు, నేల కాలుష్యాల గురించి తలా ఒక పేరా, చివర మొక్కలు నాటాలన్న పిలుపు. తప్పంతా విద్యార్థిదే అనలేను. వాళ్లకు ఇచ్చింది ఒక మాట మాత్రమే. మాటను వర్ణించగలం కానీ, దాని మీద వాదించలేం.

కాబట్టి వెళ్లి అడగాల్సిందే. అయితే 'సార్, దేని గురించి రాయమంటారు?' అని అడిగితే 'నీ ఇష్టం' అనే జవాబే వస్తుంది. అడిగే ముందు కొంత దూరం సొంతంగా నడవాలి.

ఓజోన్ పొర సంగతే చూద్దాం. పర్యావరణం నుంచి గాలికి, గాలి నుంచి ఓజోన్‌కు వచ్చేసరికి అంశం చిన్నదైందని చాలామంది అక్కడే ఆగిపోతారు. చిన్నదైన మాట నిజమే, కానీ ఇంకా అది ప్రశ్న కాలేదు. కాస్త చదివితే ప్రశ్న తనంతట తానే ఎదురొస్తుంది. అప్పట్లో ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ను దెబ్బతీస్తాయని రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లో హెచ్చరించారు. అంటార్కిటికాపై ఆ పొర బాగా పలచబడిందని బ్రిటిష్ పరిశోధకులు 1985లో వెల్లడించారు. ఆ రసాయనాల వాడకాన్ని తగ్గించేందుకు దేశాల మధ్య 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. హెచ్చరిక తర్వాత పదకొండేళ్లు సాగదీసిన వ్యవహారం, ఆ తర్వాత రెండేళ్లలో ఎలా తేలింది?

ఇది వ్యాసానికి సరిపోయే ప్రశ్న. ఆ రసాయనాలను తయారుచేసే పెద్ద కంపెనీలు కొన్నే కావడం వల్లనా? ప్రత్యామ్నాయాలు దొరుకుతాయన్న నమ్మకం కుదిరినందుకా? ఓజోన్ పలచబడితే చర్మ క్యాన్సర్ పెరుగుతుందన్న భయమా? ఒకరు ఒకటంటే మరొకరు కాదనవచ్చు. అలా కాదనే వీలుందంటే అంశం సరిపడా ఇరుకైనట్టే. ఒప్పందం ఏ ఏడాది కుదిరిందని అడిగితే మాత్రం అది మరీ ఇరుకు, ఒక్క అంకెతో జవాబు అయిపోతుంది.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది: బొగ్గుపులుసు వాయువు విషయంలో దేశాలు ఇంత త్వరగా ఎందుకు కలవలేదో కూడా రాసేద్దామని. మంచి ఆలోచనే, కానీ వెయ్యి పదాల్లో రెండు కథలూ సగంసగమే మిగులుతాయి. టీచర్ దగ్గరికి పట్టుకెళ్లాల్సిన సందేహం ఇదే: 'మేడమ్, ఓజోన్ ఒప్పందం త్వరగా ఎందుకు కుదిరిందో రాస్తున్నాను. వాతావరణ మార్పుతో పోల్చమంటారా, ఆ ఒక్కదానికే పరిమితం కమ్మంటారా?' దీనికి 'నీ ఇష్టం' అని తప్పించుకోవడం ఏ టీచర్‌కైనా కష్టం. పోలిక వద్దంటే ఆ మూడు కారణాలకూ తగినంత చోటు దొరుకుతుంది. కావాలంటే ఒకటి రెండు కారణాలు వదులుకోవాలి. ఏవి వదలాలో అప్పుడు విద్యార్థికే తెలుస్తుంది.